గుహలోకి ఎస్సై ఎందుకొచ్చాడు? పొడి అక్షరాలు, పరదేశీ పేర్లు సభలో పలికే పద్ధతి

కర్నూలు వైపు స్థానిక చరిత్ర మీద మాట్లాడేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. బెలుం, బిల్లసర్గం గుహలు, జ్వాలాపురం బూడిద పొర లాంటి విషయాలు మంచివే, వినేవాళ్లకూ ఆసక్తి ఉంది. చిక్కల్లా ఈ విషయాలు పుస్తకాల్లో, పరిశోధనా పత్రాల్లో పొడి అక్షరాలతో, దొరల పేర్లతో నిండి ఉండటమే. చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. వినేవాడికి ఆ వీలు లేదు. ఒక పేరు చెవికి ఆనలేదంటే అదేమిటో ఆలోచిస్తూ తర్వాతి రెండు వాక్యాలు కూడా వదిలేస్తాడు.

అందుకే ఇక్కడ ఒక్క ప్రసంగాన్నే తీసుకుంటాను. కర్నూలులో ఒక చిన్న హాలు, ఎదురుగా టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, ఊరి పెద్దలు. విషయం మన గుహలు, జ్వాలాపురం. సమయం 20 నిమిషాలు. వక్త రాసుకొచ్చిన కాగితంలో ఈ పేరా ఉందనుకోండి:

“జీఎస్‌ఐకి చెందిన ఆర్‌.బి.ఫుట్ 1884లో బెలుం గుహలను నమోదు చేయగా, 1982–83లో హెచ్‌.డి.గెబౌర్ బృందం సర్వే జరిపింది. జ్వాలాపురంలో ఎం.పెట్రాలియా, ఆర్‌.కోరిశెట్టర్ బృందానికి వైటీటీ పొరకు కింద, పైన ఎంపీ పనిముట్లు లభించాయి. ఓఎస్‌ఎల్ తేదీలు 77 కేఏ, 74 కేఏ.”

ఇందులో ఒక్క తప్పు కూడా లేదు. కానీ దీన్ని ఇలాగే మైకులో చదివితే సగం హాలు మొదటి వాక్యంలోనే జారిపోతుంది.

మొదటి పని: కాగితం మీద గీతలు గీయడం

పెన్సిల్ తీసుకుని, ప్రసంగంలో ఉన్న ప్రతి పొడి అక్షరాల ముక్క కిందా, ప్రతి పరదేశీ పేరు కిందా గీత గీయండి. పై పేరాలో మాత్రమే పది దాకా తేలతాయి. ఇప్పుడు ఒక్కోదాని దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ హాలులో కూర్చున్నవాళ్లు ఇది రోజూ వాడతారా?

వాడేవాటిని విడదీసి చెప్పడం అనవసరం. కర్నూలులో కేసీ కెనాల్‌ను “కర్నూలు–కడప కాలువ” అని వివరించబోతే జనం నవ్వుకుంటారు. అనంతపురంలో హెచ్చెల్సీ అంటే తుంగభద్ర ఎగువ కాలువ అని రైతుకు చెప్పక్కర్లేదు. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులని లెక్క తెలియకపోయినా, ఎన్ని టీఎంసీలు వస్తే పంట గట్టెక్కుతుందో సీమలో అందరికీ తెలుసు. ఫాదర్ ఫెర్రర్ పెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ కూడా అనంతపురంలో అంతే, విడదీస్తేనే ఎవరికీ తెలియదు. అదే ప్రసంగం విశాఖలో చేస్తే మాత్రం ఈ లెక్క తారుమారవుతుంది. వైజాగ్ సభలో హెచ్చెల్సీ అంటే విప్పి చెప్పాల్సిందే. కాబట్టి ఈ గీతల పని ఒక్కసారి చేసి వదిలేసేది కాదు, సభ మారినప్పుడల్లా మళ్లీ చేయాలి.

మిగిలినవాటిలో ప్రసంగంలో మళ్లీ మళ్లీ వచ్చేవి ఏవో చూడండి. కనీసం మూడుసార్లు రాని పొడి అక్షరాలను పూర్తిగా తీసేయమంటాను. ఓఎస్‌ఎల్ అనేది పై ప్రసంగంలో ఒక్కసారే వస్తుంది. దాని పూర్తి పేరు చెప్పినా వినేవాడికి దక్కేది ఏమీ లేదు. “మట్టి రేణువులు ఆఖరిసారి వెలుతురు చూసి ఎంత కాలమైందో కొలిచే పద్ధతి” అంటే విషయమంతా వచ్చేసింది, అక్షరాలతో పనే లేదు. వైటీటీ కూడా అంతే. అది సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద. “టోబా బూడిద” అంటే చాలు. పరిశోధకుడు వచ్చి కూర్చున్నా ఏమీ అనుకోడు, ఆయనకూ అదే కదా కావాల్సింది.

రెండో పని: మన చెవిలో ఆ అక్షరాలకు వేరే అర్థం ఉందేమో చూడటం

అసలు గండం ఇక్కడే ఉంది. తెలియని పొడి అక్షరాలు వింటే జనం “ఏదోలే” అనుకుని వదిలేస్తారు. తెలిసినట్టు వినిపించే అక్షరాలైతే తప్పు అర్థం పట్టుకుని దాని వెంటే వెళ్తారు.

పై పేరాలో “ఎంపీ పనిముట్లు” అనే మాట చూడండి. పురావస్తు పత్రాల్లో ఆ రెండక్షరాలు మధ్య పాతరాతియుగానికి గుర్తు. మన హాలులో ఎంపీ అంటే పార్లమెంటు సభ్యుడు, వేరే ఆలోచనే రాదు. అలాగే “బీపీ” అంటే పురావస్తువాళ్లకు నేటికి ముందు అని, అందులో ‘నేడు’ను 1950గా లెక్కిస్తారు. మనకు బీపీ అంటే రక్తపోటు. “5000 బీపీ” అని చదివితే ముందు వరసలోని పెద్దాయనలు ఉలిక్కిపడతారు. “బీసీ” సంగతి చెప్పక్కర్లేదు, రిజర్వేషన్ గుర్తొస్తుంది. తెలుగులో రాసుకున్న క్రీ.పూ. ఉంటే దాన్ని “క్రీపూ” అని చదవకూడదు, నిండుగా “క్రీస్తు పూర్వం” అనాలి. కొత్త పుస్తకాల పద్ధతిలో “సామాన్య శకం పూర్వం” అనేవాళ్లు మొదటి నుంచి చివరిదాకా అదే అనాలి. రెండూ కలిపితే అవి రెండు వేర్వేరు కాలాలనుకుంటారు.

అన్నిటికంటే మోసపుచ్చేవి ఏఎస్‌ఐ, జీఎస్‌ఐ. మొదటిది పురావస్తు సర్వే సంస్థ, రెండోది భూగర్భ సర్వే సంస్థ. కాగితం మీద ఒక్క అక్షరమే తేడా అయినా కంటికి స్పష్టంగానే తెలుస్తుంది. నోట్లోకి వచ్చేసరికి మనం అక్షరాలను విడిగా పలకం, కలిపేస్తాం. ఎం, ఎల్, ఏ కలిసి ఎమ్మెల్యే అయినట్టు, ఇవి ఏయెస్సై, జీయెస్సై అవుతాయి. రెండింటికీ తోక “ఎస్సై”. మొదటి అక్షరం మైకులో కొంచెం మింగుడుపడిందంటే మిగిలేది పోలీసు అధికారి. ఏఎస్‌ఐ అయితే మింగుడుపడక్కర్లేదు కూడా, పోలీసుల్లో ఆ హోదా నేరుగా ఉండనే ఉంది. ఇలాంటి ఒక సభలో వెనక కుర్చీలో ఉన్నాయన పక్కాయన చెవిలో “గుహలోకి ఎస్సై ఎందుకొచ్చినాడప్పా?” అని అడగడం నేను విన్నాను. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. పక్కాయన “ఏదో కేసు ఉండొచ్చులే” అన్నాడు.

దీనికి మందు సులువు. రెండు సంస్థలకూ తెలుగు పేర్లే వాడండి: “భూగర్భ సర్వే”, “పురావస్తు సర్వే”. భూగర్భ సర్వే 1851లో, పురావస్తు సర్వే 1861లో మొదలయ్యాయి, రెండూ వేరు అని ఒక్క మాట ముందే చెబితే ఇక గందరగోళం ఉండదు. పొడి అక్షరాలు వాడక తప్పని చోట, అంటే ఆ సంస్థ బోర్డు ఫొటో చూపిస్తూ మాట్లాడేటప్పుడు, అక్షరాలను విడదీసి పలకాలి. అందుకు కాగితం మీద కూడా విడదీసే రాసుకోవాలి: జీ / ఎస్ / ఐ. గీత దగ్గర నాలుక ఆగుతుంది. “జీఎస్‌ఐ” అని కలిపి రాసుకుంటే ఎంత జాగ్రత్తపడినా “జీయెస్సై” అనే వస్తుంది.

మైకు గురించి ఒక మాట. మన సభల్లో తరచూ కనిపించే గొట్టం స్పీకర్లు గొంతులోని సన్నటి ధ్వనులను సరిగా అందించవు. స, ఫ ధ్వనులను వేరుచేసేది ఆ సన్నటి భాగమే. కాబట్టి ఎస్, ఎఫ్ రెండూ ఒకేలా వినిపిస్తాయి. బీ, డీ, పీ, టీ, జీ, సీ అన్నిటికీ చివర “ఈ” ఉంది, ముందున్న హల్లు పోతే అన్నీ ఒకటే. ఎం, ఎన్ సంగతీ అంతే. పలకాల్సిన పొడి అక్షరాల్లో ఇలాంటివి రెండు పక్కపక్కన ఉంటే మైకు మీద నమ్మకం పెట్టుకోకుండా పూర్తి పేరుకు వెళ్లిపోవడమే మేలు.

ఇక అక్షరాలుగా కాకుండా ఒకే మాటగా పలికేవి కొన్ని ఉన్నాయి: ఇస్రో, యునెస్కో, ఇక్రిశాట్. వీటిని అక్షరాలుగా విడదీస్తే తెలిసిన పేరు కూడా తెలియనిదైపోతుంది. అలాగే విడిగా పలకాల్సినదాన్ని మాటగా చేయకండి. ఏది ఎలా పలుకుతారో తెలియకపోతే ఆ సంస్థలో పనిచేసేవాళ్ల మాట వినండి. వాళ్ల పాత ప్రసంగం వీడియో ఏదైనా రెండు నిమిషాలు చూస్తే తేలిపోతుంది.

మూడో పని: దొరల పేర్లు

ముందుగా ఒక్క సూత్రం. మన ఊళ్లో ఒక పేరు ఇప్పటికే స్థిరపడి ఉంటే దాన్ని కదిలించకూడదు. అనంతపురంలో ఫెర్రర్ గారిని ఫాదర్ ఫెర్రర్ అంటారు, విన్సెంట్ ఫెర్రర్ అంటారు. ఆయన పుట్టిన స్పెయిన్‌లో మొదటి పేరును “బిథెంతె”కు దగ్గరగా పలుకుతారు. అది తెలుసుకోవడం మంచిదే. కానీ అనంతపురం సభలో “బిథెంతె” అంటే, ఆయన ఫొటో ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు కూడా ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియదు. ఒకప్పటి కలెక్టరు మన్రో పేరు కూడా అంతే. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా అది ఇక్కడిదైపోయింది. కడపలో బ్రౌన్ దొరను బ్రౌన్ దొర అనే అనాలి, ఇంగ్లండు యాస అక్కర్లేదు.

స్థిరపడని పేర్లకు మాత్రం అసలు పలుకుబడి వెతకాలి. ఇంగ్లీషు స్పెల్లింగును బట్టి ఊహిస్తే తప్పిపోతారు. పెట్రాలియా ఇంటిపేరు స్పెల్లింగులో జీ అక్షరం ఉంటుంది, దాన్ని చూసి “పెట్రాగ్లియా” అనేవాళ్లున్నారు. అది ఇటలీ మూలం ఉన్న పేరు. ఆ భాషలో జీ, ఎల్ అక్షరాలు ఐతో కలిసి వస్తే జీ వినిపించదు, “ల్య” లాంటి ధ్వని వస్తుంది. గెబౌర్ జర్మన్ పేరు. జర్మన్‌లో జీ అక్షరం ఎక్కువగా గ, కాబట్టి “జె” అని మొదలుపెట్టకూడదు. మధ్యలోది హౌస్‌లో వినిపించే ఔ. ఇంత చాలు. జర్మన్లు పలికినట్టే పలకాలని పట్టుదల పడితే, ఆ ఒక్క మాట దగ్గర మీ గొంతు మారిపోయి విన్నవాళ్లు పేరును కాకుండా మీ అవస్థను గమనిస్తారు. మన అక్షరాల్లో దానికి దగ్గరగా ఏది ఉందో చూసుకుని, అదే తెలుగులో కాగితం మీద రాసుకుని, ప్రసంగమంతా అదొక్కటే వాడండి. ఒకసారి గెబౌర్, ఒకసారి గేబర్ అన్నారంటే ఇద్దరు మనుషులు పుట్టుకొస్తారు.

ఫుట్ దొరతో వచ్చేది ఇంకో రకం చిక్కు. పలకడం తేలికే, కానీ ఆ మాటకు మన దగ్గర ఇంకో అర్థం ఉంది. గుహల ప్రసంగంలో లోతులు, పొడవులు ఎలాగూ వస్తాయి. “ఫుట్ కొలిచాడు”, “ఫుట్ లోపలికి వెళ్లాడు” అంటే అడుగుల లెక్క అనుకుంటారు. కాబట్టి ఆయన్ని ఒక్క ఇంటిపేరుతో ఎప్పుడూ అనకండి, ప్రతిసారీ “బ్రూస్ ఫుట్” అనండి. గుహ కొలతలు అడుగుల్లో కాకుండా మీటర్లలో చెప్పండి. బెలుం పొడవు ఎలాగూ 3,229 మీటర్లనే రాస్తారు.

ఆర్‌.బి., హెచ్‌.డి. లాంటి పొడి అక్షరాల ఇనీషియల్స్ కూడా సభలో పనికిరావు. తెలుగు పేర్లకు అది నప్పుతుంది, ఎందుకంటే వెనకనున్న అసలు పేరు మనకు తెలిసిందే. పరదేశీ పేరులో అసలే పట్టు దొరకదు, అందులో ఉన్న కొంచెం తెలిసిన భాగం రాబర్ట్, డానియల్, మైకేల్. ఆ భాగాన్ని ఇనీషియల్‌గా కుదిస్తే చెవికి ఆసరా పోతుంది.

నాలుగో పని: వాక్యాన్ని విరవడం

తెలుగు వాక్యంలో విశేషణాలన్నీ పేరుకు ముందు వస్తాయి, విభక్తి ప్రత్యయం పేరుకు అతుక్కుంటుంది. రాతలో ఇది అందంగా ఉంటుంది. కొత్త పేరును మొదటిసారి చెప్పే చోట మాత్రం ఇదే అడ్డుపడుతుంది. “1863లో పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన బ్రూస్ ఫుట్‌కు” అన్నప్పుడు ఆ పేరు చివర ఎక్కడో వచ్చి, దానికి “కు” తగిలి, వెంటనే క్రియ వచ్చేస్తుంది. విన్నవాడికి “ఫుట్టుకు” అనే కొత్త మాట ఒకటి మిగులుతుంది. “పెట్రాలియాతో”, “గెబౌర్‌ని” కూడా అంతే, పేరు ఎక్కడ ఆగిందో తెలియదు.

కాబట్టి మొదటిసారి చెప్పేటప్పుడు ముందు మనిషి ఎవరో చెప్పండి. ఆగండి. తర్వాత “ఆయన పేరు” అని, పేరును ఏ ప్రత్యయమూ లేకుండా, నింపాదిగా చెప్పండి. మళ్లీ ఆగండి, ఒక ఊపిరి తీసుకునేంత సేపు. తర్వాతి వాక్యంలో “ఆయన” అంటూ పని చెప్పండి. పేరుకు “తో”, “కు” తగిలించడం రెండోసారి నుంచి. పొడి అక్షరాలు వాడాల్సి వచ్చినా ఇదే వరస: పూర్తి పేరు, “దాన్నే పొట్టిగా ఫలానా అంటారు”, ఆ తర్వాతి వాక్యంలోనే ఒకసారి పొట్టి పేరు వాడకం. పూర్తి పేరు చెప్పి పది నిమిషాల తర్వాత పొట్టి పేరు వాడితే ఎవరికీ గుర్తుండదు, అప్పుడు ఇంకోసారి విప్పాల్సిందే.

ఇప్పుడు ఆ పేరాను సభకు తగినట్టు తిరగరాస్తే ఇలా వస్తుంది. నిట్టనిలువు గీత ఉన్న చోట ఆగాలి:

“మన బెలుం గుహల గురించి 1884లోనే రాసి పెట్టినాయన ఒకరున్నారు. భూగర్భ సర్వేలో పనిచేసిన ఇంగ్లీషు దొర. | ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. | బ్రూస్ ఫుట్ రాసిన తర్వాత దాదాపు వందేళ్లు ఆ గుహల్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982లో జర్మనీ నుంచి గుహల అన్వేషకుడు ఒకాయన తన జట్టుతో వచ్చాడు. | ఆయన పేరు డానియల్ గెబౌర్. | గెబౌర్ జట్టు 82, 83లలో లోపల తిరిగి కొలతలు తీసింది.

“ఇక బనగానపల్లె దగ్గరి జ్వాలాపురానికి వద్దాం. అక్కడ నేలలో ఒక బూడిద పొర ఉంది. అది మన బూడిద కాదు. ఇండోనేషియాలో, సుమత్రా దీవిలో ఒక అగ్నిపర్వతం ఉంది. | దాని పేరు టోబా. | సుమారు 74,000 ఏళ్ల కిందట అది పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడిన బూడిద అది. ఈ టోబా బూడిదకు కిందా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. వాటిని తవ్వి తీసిన జట్టుకు ఇద్దరు పెద్దలు. ఒకరు ధార్వాడ ఆచార్యులు రవి కోరిశెట్టర్. | ఇంకొకరు విదేశీ పురావస్తు శాస్త్రవేత్త. | ఆయన పేరు మైకేల్ పెట్రాలియా. | కింది మట్టి వయసు సుమారు 77,000 ఏళ్లు, పై మట్టి వయసు సుమారు 74,000 ఏళ్లు అని లెక్క తేల్చారు.”

పేరా రెండింతలకు పైగా పెరిగింది. పెరగాలి కూడా. 20 నిమిషాల ప్రసంగంలో ఇంత చోటు అన్ని పేర్లకూ ఇవ్వలేం కాబట్టి, ఎవరి పేరు నిజంగా కావాలో తేల్చుకోక తప్పదు. నన్నడిగితే ఈ ప్రసంగంలో నలుగురు మనుషులు, ఒక అగ్నిపర్వతం కలిపి ఐదు పేర్లే ఎక్కువ. బిల్లసర్గం గురించి బ్రూస్ ఫుట్ కంటే ముందే రాసిన న్యూబోల్డ్‌ను కూడా తేవాలనిపిస్తే, “అంతకు నలభై ఏళ్ల ముందే ఒక సైనికాధికారి రాశాడు” అని వదిలేస్తాను. పేరు అడిగినవాళ్లకు తర్వాత చెప్పొచ్చు. ఒక సంగతి గమనించారా, “77 కేఏ” కూడా పోయింది. కేఏ అంటే వెయ్యేళ్లు. “77 వేల ఏళ్లు” అన్నప్పుడే మన నోటికి, చెవికి సుఖం. అసలు పత్రంలో ఆ అంకెల పక్కన ఆరేడు వేల ఏళ్ల అటూఇటూ ఉంటుంది. అందుకే “సుమారు” అనే మాట తీసేయకూడదు.

చెవి ఒక్కదాని మీదే భారం వేయకుండా, పేరు పలికే క్షణంలోనే అది కంటికీ కనబడేలా చేయండి. ప్రొజెక్టర్ ఉంటే స్లైడు మీద ఆ ఒక్క పేరే, తెలుగు లిపిలో, పెద్ద అక్షరాలతో. లేకపోతే చార్టు, అదీ లేకపోతే బ్లాక్‌బోర్డు. మీరు పేరు చెప్పక ముందే స్లైడు వేస్తే జనం తమకు తోచినట్టు చదివేసుకుంటారు, తర్వాత మీరు వేరేగా పలికితే ఏది నిజమో తెలియదు.

ఐదో పని: ముందురోజు పరీక్ష

విషయం తెలియని మనిషి ఒకరిని కూర్చోబెట్టి ఆ పేరాలు చదివి వినిపించండి, కాగితం ఇవ్వకుండా. ఇంట్లో పదో తరగతి పిల్లలున్నా చాలు. అర్థమైందా అని అడగొద్దు, అందరూ అర్థమైందనే అంటారు. “ఇప్పుడు నువ్వు చెప్పు, ఎవరెవరు వచ్చారు, ఏం చేశారు?” అని అడగండి. “ఒక ఇంగ్లీషు దొర రాశాడు, జర్మనీ ఆయన కొలిచాడు” అని వస్తే చాలు, పేరు కొంచెం తప్పినా పరవాలేదు. “ఫుటో ఏదో వచ్చాడు” అంటే మనిషి ఎవరో అందలేదని గుర్తు, ఆ వాక్యాన్ని ఇంకా విరవాలి. ఇద్దరిని ఒకరిగా కలిపేస్తే ఆ రెండు పేర్ల మధ్య దూరం పెంచాలి, లేదా ఒకటి తీసేయాలి.

సభలో కూడా ఇది తెలిసిపోతుంది. పేరు చెప్పగానే తలలు పక్కకు తిరిగి గుసగుస మొదలైతే ఆ పేరు దాటలేదు. అప్పుడు ముందుకు పోకుండా “అదే, జర్మనీ నుంచి వచ్చినాయన, గెబౌర్” అని ఒకసారి చుట్టి చెప్పండి. నాలుక తడబడితే ఇంకోసారి నిదానంగా చెప్పి సాగిపోవాలి. క్షమించండి, ఈ పేర్లు నోరు తిరగవు అంటూ నవ్వించబోతే ఆ పేరు నవ్వులపాలవుతుంది. ఆ మనిషి బంధువో శిష్యుడో హాలులో ఉండొచ్చు కూడా.

ప్రశ్నల సమయంలో ఎవరో “పెట్రాగ్లియా గారు చెప్పింది...” అని మొదలుపెడితే దిద్దబోకండి. జవాబు చెప్పేటప్పుడు మీరు “పెట్రాలియా” అని మామూలుగా అనండి, వాళ్లకు వాళ్లే సర్దుకుంటారు. కుర్రవాడు ఎవరైనా “ఆ బూడిద దొర” అన్నా జవాబు చెప్పాల్సిందే, మనిషెవరో వాడికి అందింది కదా.

చివరగా, సభ మొదలయ్యే ముందు అధ్యక్షుడికీ, వందన సమర్పణ చేసేవారికీ ఒక చీటీ ఇవ్వండి. అందులో ప్రసంగంలో వచ్చే ఐదు పేర్లూ మీరు పలికే రూపంలోనే తెలుగులో ఉండాలి, పక్కన ఎవరో ఒక్క ముక్క. చాలా సభల్లో వక్త సరిగ్గా పలికిన పేరును అధ్యక్షుల వారు ముగింపులో ఇంకోలా పలికి, జనం ఆ రెండో రూపాన్నే ఇంటికి తీసుకుపోతారు.